మిత్రుడి పెళ్ళి విందులో నిమిషంన్నర ఫ్రెంచి

ఫ్రాన్సులో పెళ్ళి భోజనానికి సాయంత్రం కూర్చున్నవాళ్ళు అర్ధరాత్రి దాకా బల్లలు వదలరు. మన పంక్తి భోజనంలోలా అన్నీ ఒకేసారి విస్తట్లోకి రావు. ఒక వంటకం వస్తుంది, అందరూ నిదానంగా తింటారు, ప్లేట్లు తీసేస్తారు, ఇంకొకటి రావడానికి చాలాసేపు పడుతుంది. ఉపన్యాసాలన్నీ ఆ మధ్య ఖాళీల్లోనే నడుస్తాయి. పెళ్ళికూతురి తండ్రి లేస్తాడు, తర్వాత సాక్షులు లేస్తారు, ఆపైన చిన్ననాటి స్నేహితులు వంతు తీసుకుంటారు. అప్పటికి హాలంతా హుషారెక్కి ఉంటుంది. ఎవరో ఒకరు పరాయి దేశం నుంచి వచ్చిన మిత్రుడి వైపు తిరిగి ‘ఏఁ మో! ఏఁ మో!’ అని కేక వేస్తారు. ఒక్క మాట చెప్పమని దాని అర్థం.

ఆ ఒక్క మాటకు ముందే సిద్ధపడి వెళ్ళడం ఎలాగో ఈ వ్యాసం చెబుతుంది. ఉదాహరణకు ఒక సందర్భం తీసుకుందాం. తులూజ్ నగరంలో విమానాల పరిశ్రమలో పనిచేసే రవి అనే తెలుగు ఇంజనీరు, తన సహోద్యోగి జ్యులియేఁ పెళ్ళికి వెళ్తున్నాడు. పెళ్ళికూతురు క్లేర్. పేర్లూ కథా కల్పితమే కానీ ఆచారాలూ వ్యాకరణమూ అసలువే. రవికి ఫ్రెంచి ఆఫీసు పనికి సరిపోయేంత వచ్చు. వందమంది ముందు నిలబడి మాట్లాడేంత రాదు.

ఎప్పుడు లేవాలి, ఎవరినడగాలి

ఫ్రెంచి పెళ్ళి మొదలయ్యేది ‘మెరీ’లో, అంటే పురపాలక కార్యాలయంలో. 1792 సెప్టెంబర్ 20 నాటి చట్టంతో అక్కడ పెళ్ళి ప్రభుత్వ వ్యవహారమైంది. చర్చిలో చేసుకోదలచినా ముందు మెరీలో సంతకాలు కావలసిందే. మేయరో, ఆయన తరఫున మరొకరో మూడు రంగుల పట్టీ భుజాన వేసుకుని దంపతుల బాధ్యతలు చెప్పే చట్ట నిబంధనలు చదివి, ఇద్దరి సమ్మతీ అడుగుతారు. సాక్షులు తక్కువలో తక్కువ ఇద్దరు, ఎక్కువలో ఎక్కువ నలుగురు. వీళ్ళను ‘తెమ్వేఁ’ అంటారు. వధూవరులకు బాగా దగ్గరివాళ్ళనే ఇందుకు ఎంచుకుంటారు. వీళ్ళ పని సంతకంతో అయిపోదు. సాయంత్రం విందులో ఎవరు ఎప్పుడు మాట్లాడాలి, ఏ ఆట ఎప్పుడు ఆడించాలి అన్నది కూడా చాలా పెళ్ళిళ్ళలో వీళ్ళ చేతిలోనే ఉంటుంది. ఎన్నో విషయాలు వధూవరులకు తెలియకుండా గుట్టుగా ఏర్పాటు చేస్తారు. కాబట్టి రవి ముందుగా మాట్లాడవలసింది జ్యులియేఁతో కాదు, అతని తెమ్వేఁతో. పెళ్ళికి రెండు వారాల ముందు ‘నేనూ నిమిషంన్నర మాట్లాడతాను’ అని ఒక మెసేజి పెడితే చాలు.

మెరీకీ రాత్రి విందుకూ మధ్య ఇంకొక ఘట్టం ఉంది. దాన్ని ‘వేఁ దొనొర్’ అంటారు. తోటలోనో వరండాలోనో నిలబడి, ఒక చేత షాంపేను గ్లాసు, మరో చేత చిరుతిండి పట్టుకుని కబుర్లు చెప్పుకునే వేళ అది. ఇరుగుపొరుగు, ఆఫీసువాళ్ళు, దూరపు బంధువులు అందరూ దీనికి వస్తారు. రాత్రి భోజనానికి మాత్రం దగ్గరివాళ్ళే ఉంటారు. శుభలేఖలో ఏ ఘట్టానికి పిలిచారో విడిగా రాసి ఉంటుంది. వేఁ దొనొర్‌కు మాత్రమే పిలిస్తే తక్కువ చేశారని అక్కడ ఎవరూ అనుకోరు. అయితే టోస్టుకు అది చోటు కాదు. అందరూ గుంపులు గుంపులుగా నిలబడి ఉంటారు, ఎవరి మాటా ఎవరికీ వినబడదు. అక్కడ దంపతుల దగ్గరకు వెళ్ళి చేయి కలిపి, ‘తూ మే వో ద బొనొర్’ అంటే సరిపోతుంది. మీ సంతోషానికి నా శుభాకాంక్షలన్నీ అని అర్థం. వధూవరులతో అనడానికి ఇంతకంటే నిక్కమైన మాట వెతికినా దొరకదు.

విందులో అనువైన సమయం ఒక వంటకం ముగిసి ఇంకొకటి రాకముందు. వేడి వంటకం బల్లమీదికి వచ్చాక లేస్తే తినేవాళ్ళు చల్లారిపోతున్న ప్లేటు వైపు చూస్తారు, వంటవాళ్ళు తిట్టుకుంటారు. ‘పియేస్ మోఁతే’ వచ్చే వేళ కూడా మంచిది కాదు. చిన్న చిన్న క్రీము ఉండలను పాకంతో అతికించి గోపురంలా నిలబెట్టే పెళ్ళి మిఠాయి అది. దానితో హాలు గోలగోలగా మారిపోతుంది.

రాసి ఉన్నది ఎలా చదవాలి

ఇక్కడి ఫ్రెంచి వాక్యాలన్నీ తెలుగు లిపిలోనే ఉన్నాయి. చదివేముందు నాలుగు గుర్తులు తెలుసుకుంటే చాలు. మొదటిది అరసున్న. ఫ్రెంచిలో ముక్కుతో పలికే అచ్చులున్నాయి. వాటిలో న, మ అనే హల్లు విడిగా వినబడదు, అచ్చే ముక్కులోంచి వస్తుంది. పాత తెలుగులో అరసున్న చేసిన పని సరిగ్గా ఇదే. కాబట్టి ‘పేఁ’ అని ఉంటే నోరు ‘పే’ దగ్గరే ఆగాలి, గాలి ముక్కులోకి పోవాలి, నాలుక పై పళ్ళను తాకకూడదు. రెండోది ‘త్యు’, ‘ప్ల్యు’ లాంటివి. నాలుకను ‘ఈ’ అనే చోట ఉంచి, పెదవులను ‘ఊ’ అన్నట్టు గుండ్రంగా చుడితే ఆ ధ్వని వస్తుంది. మూడోది ‘వో’, ‘దో’, ‘బొనొర్’ లాంటి మాటల్లోని ఓకారం, ఒకారం. అక్కడ నాలుక ‘ఏ’ అనాలి, పెదవులు ‘ఓ’ అనాలి. నాలుగోది జకారం. టెలివిజన్ అనే మాటను ఇంగ్లీషువాళ్ళు పలికినప్పుడు వచ్చే మెత్తని ధ్వని అది, మన ‘జలం’లోని జ కాదు.

మిగిలినదంతా తెలుగు నోటికి సులువే. ఫ్రెంచి త, ద మన దంత్యాలే. ఇంగ్లీషు చదువు అలవాటుతో చాలామంది వాటిని ట, డ అని పలుకుతారు. ‘తూస్’ను ‘టూస్’ అంటే అది ఇంగ్లీషు యాస అవుతుంది, ‘తూస్’ అంటే ఫ్రెంచికి దగ్గరవుతుంది. క, త, ప లను ఊపిరి కలపకుండా పలకడం కూడా ఫ్రెంచిలో అవసరం. ఇంగ్లీషువాళ్ళు దీనికి కష్టపడతారు, తెలుగువాళ్ళకు పుట్టుకతోనే వచ్చు. రకారాన్ని అక్కడివాళ్ళు గొంతులో గరగరమనిపిస్తారు. అది రాకపోతే మన ర పలికినా అందరికీ అర్థమవుతుంది. పైగా తులూజ్ దక్షిణాన ఉంది. ఆ ప్రాంతపు యాసలో ముక్కు అచ్చుల చివర కాస్త ‘ఙ్’ వినబడుతుంది, పారిస్‌లో మింగేసే చివరి అచ్చులను అక్కడ పలుకుతారు. అందుకే చిన్న తేడాలను ఆ హాలులో ఎవరూ పట్టించుకోరు.

మొదటి మాట, పరిచయం

టోస్టు నాలుగు భాగాలుగా నడుస్తుంది: పలకరింపు, పరిచయం కలిపి ఒకటి, ఒక చిన్న కథ, ఒక ఆశీస్సు, గ్లాసెత్తమనే పిలుపు. రవి పలకరింపు ఇలా ఉంటుంది:

‘బోఁస్వార్ ఆ తూత్ ఎ ఆ తూస్. పూర్ సో కీ న మ కొనెస్ పా, జ మపెల్ రవి, ఎ స స్వార్, జ స్వీ వ్రెమాఁ రవి.’

మొదటి వాక్యం అందరికీ నమస్కారం. ‘తూత్’ ఆడవాళ్ళకు, ‘తూస్’ మగవాళ్ళకూ కలిసి ఉన్న అందరికీ. సభలో ఇలా రెండూ చెప్పడం ఇప్పుడు వాడుక. ‘తూస్’ చివరి సకారం ఇక్కడ పలకాలి. అదే మాట వేరొక పేరుకు ముందు వస్తే, ‘తూ మే వో’లో లాగా, సకారం పడిపోతుంది. రెండో వాక్యం మొదటి సగానికి అర్థం ‘నన్ను ఎరగనివాళ్ళ కోసం, నా పేరు రవి’. ఆ తర్వాతిదే నవ్వు తెప్పించే ముక్క. ఫ్రెంచిలో ‘రవి’ అంటే చాలా సంతోషంగా ఉన్న మనిషి. ‘నా పేరు రవి, ఈ సాయంత్రం నేను నిజంగా రవినే’ అన్నట్టు వినబడుతుంది. మాట్లాడే మనిషి స్త్రీ అయినా ఈ మాట ధ్వని మారదు, రాతలో ఒక అక్షరం చేరుతుంది, అంతే. వేరే పేరున్నవాళ్ళు ‘జ స్వీ త్రే జొరో’ అనవచ్చు, చాలా సంతోషంగా ఉన్నాను అని. ఆడవాళ్ళు మాత్రం ‘త్రే జొరోజ్’ అనాలి. ఇక్కడ లింగభేదం చెవికి తెలుస్తుంది.

తర్వాతి వాక్యం తేలికగా కనిపిస్తుంది కానీ జారిపోయే చోటు అదే:

‘జ స్వీ ఏఁ నమీ ద జ్యులియేఁ. నూ త్రవయోఁ ఆఁసాఁబ్ల్ దప్వీ సేఁ కాఁ, ఆ తులూజ్.’

జ్యులియేఁకు నేనొక స్నేహితుణ్ణి, ఐదేళ్ళుగా తులూజ్‌లో కలిసి పనిచేస్తున్నాం అని భావం. స్నేహితుడు అనడానికి ‘కొపేఁ’ అనే మాట కూడా ఉంది, ఆఫీసులో రోజూ వినబడుతుంది. కానీ ‘ల కొపేఁ ద క్లేర్’ అంటే క్లేర్ ప్రియుడు అని అర్థం. పెళ్ళికూతురి తరఫు మిత్రుడు మైకు పట్టుకుని ఆ మాట అన్నాడంటే పెళ్ళికొడుకు వైపు బల్లలు ఒక్కసారి నిశ్శబ్దమైపోతాయి, లేదా హాలంతా పగలబడి నవ్వుతుంది. ‘నా’ అని సొంతం చేసే మాటతో కూడా ఇదే చిక్కు. ‘మోఁ కొపేఁ’, ‘మా కొపిన్’ అంటే సాధారణంగా నా ప్రియుడు, నా ప్రియురాలు అనే వింటారు. ‘ఏఁ నమీ ద’ అని ‘ఒక స్నేహితుడు’గా చెప్పుకుంటే అపార్థానికి తావుండదు. ఆడవాళ్ళు ‘య్యు నమీ ద’ అనాలి.

సంతోషం చెప్పబోయి ఇంగ్లీషు మీది నుంచి దిగుమతి చేసే ‘ఎక్సితే’ అనే మాటనూ ఇక్కడే వదిలేయాలి. ఇంగ్లీషులో అది ఉత్సాహం. ఫ్రెంచిలో ఒక పెద్దమనిషి తన గురించి అలా చెప్పుకుంటే శారీరక ఉద్రేకం అనే అర్థం ముందు తడుతుంది. ముద్దు అనే నామవాచకం ‘బెజే’ కూడా అలాంటిదే. దాన్ని క్రియగా వాడితే బూతవుతుంది. ముద్దు పెట్టుకోవడానికీ, ప్రేమగా కౌగలించుకోవడానికీ ‘ఆఁబ్రసే’ అనే క్రియ ఉంది, అదొక్కటి గుర్తుంటే చాలు.

ఒకే ఒక్క కథ

పరిచయం తర్వాత చాలామంది దంపతుల గుణగణాలు వరసపెట్టి పొగడ్తకు దిగుతారు. మంచివాడు, తెలివైనవాడు, అందరికీ సాయపడతాడు అని. పరాయి భాషలో విశేషణాల జాబితా రెండు రకాలుగా దెబ్బ తీస్తుంది. ప్రతి విశేషణానికీ లింగం, వచనం సరిచూసుకోవాలి. అంత కష్టపడి చెప్పాక కూడా అది ఎవరి గురించైనా చెప్పగలిగిందే అవుతుంది. దానికి బదులు జరిగిన సంగతి ఒకటి చిన్న చిన్న వాక్యాల్లో చెబితే పనులు చెప్పే క్రియలే భారమంతా మోస్తాయి.

రవి కథ వంటింటి నుంచి వచ్చింది. తులూజ్‌లో పేరున్న వంటకం కసులే. తెల్ల చిక్కుడు గింజలను బాతు మాంసంతో, సాసేజితో కలిపి గంటల తరబడి నిదానంగా ఉడికిస్తారు. రవి శాకాహారి.

‘కాఁ జ స్వీ జరివే ఆఁ ఫ్రాఁస్, జ న కొనెసే పెర్సొన్. ల ప్రమియే దిమాఁష్, జ్యులియేఁ మా ఏఁవితే ఆ దెజొనే షే ల్వీ. ఇల్ అవే ప్రెపరే ఏఁ కసులే. జ న మాఁజ్ పా ద వియాఁద్. స జూర్ లా, జే మాఁజే బోకూ ద పేఁ.’

దీని తాత్పర్యం ఇది. ‘నేను ఫ్రాన్సు వచ్చినప్పుడు ఎవరూ తెలియదు. మొదటి ఆదివారం జ్యులియేఁ నన్ను వాళ్ళింటికి భోజనానికి పిలిచాడు. కసులే వండి పెట్టాడు. నేను మాంసం తినను. ఆ రోజు నేను చాలా బ్రెడ్డు తిన్నాను.’

తులూజ్‌వాళ్ళ ముందు కసులే అన్న మాట వినబడగానే ముఖాలు విప్పారుతాయి. తర్వాతి వాక్యంతో సంగతి బోధపడుతుంది, చివరి వాక్యానికి నవ్వు వస్తుంది. ఐదు వాక్యాల్లో ఏ ఒక్కటీ ఊపిరికి మించి పొడుగు లేదు. వ్యాకరణం కూడా ఇక్కడ కథకు సాయం చేస్తుంది. అప్పటి పరిస్థితి చెప్పేచోట ‘కొనెసే’ అని కొనసాగుతున్న భూతకాలం వచ్చింది. జరిగిన పనికి ‘మా ఏఁవితే’, ‘జే మాఁజే’ అని ముగిసిన భూతకాలం వచ్చింది. తెలుగులో ‘తెలియదు’, ‘పిలిచాడు’ అని చెప్పినట్టే. రెండూ తారుమారైతే అర్థం చెడిపోదు కానీ వినేవాళ్ళకు కథ కుంటుతున్నట్టు ఉంటుంది.

ఇంతవరకూ ఒక్క జ్యులియేఁ గురించే. టోస్టుల్లో తరచూ జరిగే తప్పు ఇక్కడే ఉంది. మాట్లాడేవాడు తన మిత్రుడి గురించి మాత్రమే చెప్పి, రెండోవారిని చివర ఒక పేరుగా అతికిస్తాడు. పెళ్ళికూతురి తల్లిదండ్రులు ఎదుటి బల్ల దగ్గరే కూర్చుని వింటూ ఉంటారు. అందుకే కథలో రెండో సగం క్లేర్‌ది:

‘దో జాఁ ప్ల్యు తార్, ఇల్ మా ప్రెజాఁతే క్లేర్. లా ప్రమియేర్ కెస్తియోఁ ద క్లేర్ ఆ ఎతే: ఎ త్వా, కెస్క త్యు మాఁజ్? జే తూ ద స్వీత్ కోఁప్రీ కిల్ అవే త్రువే లా బొన్ పెర్సొన్.’

‘రెండేళ్ళ తర్వాత అతను క్లేర్‌ను నాకు పరిచయం చేశాడు. క్లేర్ అడిగిన మొదటి ప్రశ్న: మరి నువ్వు, నువ్వేం తింటావు? అతనికి తగిన మనిషి దొరికిందని నాకు వెంటనే అర్థమైంది.’ శ్రద్ధగలది, మంచి మనసుది అని ఎక్కడా అనకుండానే ఆ మాటలన్నీ ఇందులో ఉన్నాయి. పరిచయం చేయడానికి ‘ప్రెజాఁతే’ అనే క్రియే వాడాలి. ఇంగ్లీషు అలవాటుతో ‘ఏఁత్రొద్వీర్’ అంటే ఏదో ఒక వస్తువును లోపలికి చొప్పించినట్టు వినబడుతుంది.

ఏ కథ చెప్పకూడదో కూడా తేల్చుకోవాలి. పాత ప్రేమల ఊసు, తాగి చేసిన అల్లరి, డబ్బు సంగతులు స్నేహితుల మధ్య నవ్వు తెప్పించినా, ఆ హాలులో అమ్మమ్మలూ తాతయ్యలూ ఉంటారు. ‘త్వరలో పిల్లలు’ అనే ఆశీస్సు మన పెళ్ళిళ్ళలో సహజం. అక్కడ అది దంపతుల సొంత విషయంలో తల దూర్చినట్టు అనిపించవచ్చు.

ఆశీస్సు, ఆ తర్వాత పిలుపు

కథ ముగిశాక రవి హాలు వైపు నుంచి వధూవరుల వైపు తిరుగుతాడు. సంబోధన ఇక్కడ మారుతుంది. ఫ్రెంచిలో ‘త్యు’ అంటే నువ్వు, ‘వూ’ అంటే మీరు. మన ‘మీరు’లాగే ‘వూ’ గౌరవానికీ, ఒకరికంటే ఎక్కువమందికీ సరిపోతుంది. జ్యులియేఁతో విడిగా మాట్లాడేటప్పుడు ‘త్యు’. అతని తల్లిదండ్రులతో ‘వూ’. దంపతులిద్దరినీ కలిపి అన్నప్పుడు ఎంత చనువున్నా ‘వూ’నే. ఇద్దరికీ శుభం కోరబోతూ అలవాటుకొద్దీ ఏకవచనంలోకి జారి ‘జ త స్వెత్’ అంటే ఒకరికే చెప్పినట్టవుతుంది, రెండోవారు బయట మిగిలిపోతారు.

‘క్లేర్, జ్యులియేఁ, జ వూ స్వెత్ యున్ లోఁగ్ ఎ బెల్ వీ ఆఁసాఁబ్ల్. క వొత్ర్ మెజోఁ స్వా తుజూర్ ప్లెన్ ద రీర్, ఎ వొత్ర్ తాబ్ల్ తుజూర్ ప్లెన్ దమీ.’

‘మీకిద్దరికీ కలిసి గడిపే సుదీర్ఘమైన, అందమైన జీవితం కోరుకుంటున్నాను. మీ ఇల్లు ఎప్పుడూ నవ్వులతో, మీ భోజనాల బల్ల ఎప్పుడూ స్నేహితులతో నిండి ఉండాలి.’ భోజనాల బల్ల ఊరికే రాలేదు. కథంతా ఆ బల్ల దగ్గరే జరిగింది.

రెండో వాక్యపు నిర్మాణం నేర్చుకుంటే ఏ ఆశీస్సైనా చెప్పవచ్చు. మనం ‘ఉండాలి’, ‘ఉండుగాక’ అని కోరికను వాక్యం చివర పెడతాం. ఫ్రెంచివాళ్ళు మొదటే ‘క’ పెట్టి, క్రియను కోరికను తెలిపే రూపంలోకి మారుస్తారు. అందుకే ‘ఉంది’ అనే ‘ఎ’ బదులు ‘స్వా’ వచ్చింది. ‘క’ అని మొదలుపెట్టి ‘ఎ’ అంటే కోరిక కాస్తా వార్తగా మారిపోతుంది. ఇంగ్లీషు ఆశీస్సును మాటకు మాట మార్చి ‘పో వొత్ర్ మెజోఁ’ అని మొదలుపెట్టేవాళ్ళూ ఉంటారు. అలాంటి వాక్యం ఫ్రెంచిలో లేదు.

‘బొన్ షాఁస్’ అనే మాటను కూడా ఇక్కడ దూరంగా ఉంచాలి. అదృష్టం కలిసిరావాలి అని దాని అర్థం. పరీక్షకో ఇంటర్వ్యూకో వెళ్ళేవాళ్ళతో అనేది అది. కొత్త దంపతులతో అంటే ‘మీకు అది చాలా అవసరం పడుతుంది’ అన్న వెక్కిరింపు వినబడుతుంది. ‘ఫెలిసితసియోఁ’ అంటే అభినందనలు. అది అన్నివేళలా క్షేమం.

చివరికి:

‘లవోఁ నో వేర్ ఆ క్లేర్ ఎ ఆ జ్యులియేఁ. వీవ్ లే మరియే!’

‘క్లేర్‌కూ జ్యులియేఁకూ మన గ్లాసులు ఎత్తుదాం. వధూవరులు వర్ధిల్లాలి!’ ‘జ లెవ్ మోఁ వేర్’, నా గ్లాసు ఎత్తుతున్నాను, అన్నా తప్పు లేదు. కానీ ‘లవోఁ నో వేర్’ అంటే హాలంతటికీ ఏం చేయాలో తెలుస్తుంది. ‘ఆ’ అనే చిన్న మాటను ఇద్దరి పేర్ల ముందూ విడివిడిగా పెట్టడం మంచి రాతకు గుర్తు. ఎవరి కోసం గ్లాసెత్తుతున్నామో చెప్పడానికి ఈ ‘ఆ’నే వాడాలి, ‘కోసం’ అనే అర్థమిచ్చే ‘పూర్’ ఇక్కడ అతకదు. ‘వీవ్ లే మరియే’ అన్న మాటను కాస్త గొంతెత్తి అనాలి. అది అందరూ తిరిగి అరిచే మాట.

చేతిలో కాగితం, చేతిలో గ్లాసు

రవి టోస్టు మొత్తం నూట నలభై, నూట యాభై ఫ్రెంచి మాటలు. నవ్వులకు ఆగుతూ చదివినా నిమిషంన్నర అటూ ఇటూగా అవుతుంది. చేతిలో కాగితం పట్టుకుని చదవడాన్ని ఫ్రెంచివాళ్ళు చిన్నతనంగా అనుకోరు. సాక్షులు కూడా చూసే చదువుతారు. అయితే ఫోను కంటే చిన్న అట్ట ముక్క నయం. వెలుతురు తక్కువున్న హాలులో ఫోను వెలుగు ముఖం మీద పడుతుంది, మధ్యలో తెర ఆరిపోతుంది కూడా. పెద్ద అక్షరాలతో, ఒక వరసకు ఒకే పదబంధం రాసుకుంటే ఎక్కడ ఆగాలో కంటికే తెలుస్తుంది.

ఆగే చోట్లు ఫ్రెంచిలో మరీ ముఖ్యం. ఆ భాషలో ఊనిక మాట మాటకూ పడదు, పదబంధం చివరి అక్షరం మీద కాస్త సాగుతుంది. ‘ల ప్రమియే దిమాఁష్’ ఒక్క ఊపిరిలో, ‘మాఁష్’ దగ్గర కొద్దిగా నిలబెట్టి. మాటలు విడగొట్టి ఒక్కొక్కటీ గట్టిగా పలికితే స్పష్టంగా ఉంటుందని మనకు అనిపిస్తుంది, వాళ్ళకు మాత్రం అర్థం చేసుకోవడం కష్టమవుతుంది. ఒక మాట చివరి హల్లు తర్వాతి మాట మొదటి అచ్చుతో కలిసిపోవడం కూడా వాళ్ళ పద్ధతి. ‘ఏఁ’, ‘అమీ’ కలిసి ‘ఏఁ నమీ’ అయింది, ‘దో’, ‘ఆఁ’ కలిసి ‘దో జాఁ’ అయింది. సంధులు నేర్చినవాళ్ళకు ఇది కొత్త కాదు. అట్ట మీద కలిపే రాసుకుంటే నాలుక తడబడదు.

వెళ్ళేముందు ఒక పరీక్ష చేసుకోవచ్చు. టోస్టు తెలియని ఫ్రెంచి సహోద్యోగి ఎవరికైనా కాగితం చూపకుండా చదివి వినిపించి, కథలో ఏం జరిగిందో చెప్పమనాలి. బ్రెడ్డు దగ్గర ఆ మనిషి నవ్వితే సరే. నవ్వకపోతే ‘వియాఁద్’, ‘పేఁ’ అనే రెండు మాటలూ సరిగ్గా పలుకుతున్నాడో లేదో చూసుకోవాలి, ఎందుకంటే హాస్యమంతా ఆ రెంటి మీదే నిలబడింది.

గ్లాసు విషయంలో రెండు మర్యాదలున్నాయి. తాకించేటప్పుడు గ్లాసు వైపు కాదు, ఎదుటి మనిషి కళ్ళలోకి చూడాలి. పక్కపక్కనున్న ఇద్దరు గ్లాసులు తాకిస్తుంటే వాళ్ళ చేతుల మీదుగా మన చేయి దాటించి మూడోవాళ్ళను అందుకోకూడదు. రెండింటినీ నవ్వుతూనే అయినా చాలామంది పట్టించుకుంటారు. మద్యం తాగనివాళ్ళు పండ్ల రసంతో గ్లాసెత్తవచ్చు. ఉట్టి నీళ్ళతో శుభం పలకడం మంచిది కాదనుకునేవాళ్ళు కొందరుంటారు కాబట్టి రసం మేలు. తాకించేటప్పుడు అనే మాట ‘సాఁతే’, ఆరోగ్యం అని. పెద్దవాళ్ళతో ‘ఆ వొత్ర్ సాఁతే’. ‘చిన్ చిన్’ అనేది తోటివాళ్ళ మధ్య చెల్లుతుంది, పెళ్ళికొడుకు నాయనమ్మతో అంటే చనువెక్కువైనట్టు ఉంటుంది.

టోస్టు అయ్యాక రవి పని పూర్తి కాదు. ఆ రాత్రంతా ఎవరో ఒకరు వచ్చి అతని ఫ్రెంచిని మెచ్చుకుంటారు. ‘లేదండీ, నాకేం రాదు’ అని మన పద్ధతిలో వినయం చూపిస్తే వాళ్ళు మళ్ళీ మొదటినుంచి పొగడాల్సి వస్తుంది. ‘మెర్సీ, సే జాఁతీ’ అంటే చాలు: థాంక్స్, మీరు చాలా మంచివారు. ఆ వెంటనే ‘ఎ వూ, వూ కొనెసే క్లేర్ దప్వీ లోఁతాఁ?’ అని అడగవచ్చు. ‘మరి మీరు, క్లేర్ మీకు చాలా కాలంగా తెలుసా?’ అని. అక్కడి నుంచి మాట్లాడే పని ఎదుటివాళ్ళది.